అర్జెంటుగా ఆపాలంటే ఎవరి దగ్గరికి: ఎమర్జెన్సీ ఆర్బిట్రేటరా, హైకోర్టా?

మిర్యాలగూడ మిల్లర్ల ఎగుమతి కాంట్రాక్టులు చదివి పెట్టడం నా పనుల్లో ఒకటి. తేమ ఎంత, నూక ఎంత, సంచి బరువులో తరుగు ఎంత అని గంటసేపు బేరమాడే మనిషి, చివరి పేజీలో, గొడవను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలనే ఆర్బిట్రేషన్ క్లాజు రాగానే "అది మామూలుదే కదా వకీలు సాబ్" అని సంతకం పెట్టేస్తాడు. గొడవ వచ్చాక మొదట తీసి చదివేది మాత్రం ఆ పేజీనే. అప్పటికి ఎంపికలు సగం అయిపోయి ఉంటాయి.

గొడవ తేలడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఈలోపు అవతలివాడు డబ్బు మళ్లించకుండా, సరుకు అమ్ముకోకుండా ఎవరు ఆపాలి? దీనికి రెండు ప్రధానమైన దారులున్నాయి. ఒకటి ఆర్బిట్రేషన్ సంస్థ నియమించే ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్, రెండోది కోర్టు. ఏది మేలని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: మీరు ఆపాలనుకుంటున్నది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఆ చేయి ఏ దేశంలో ఉంది?

లెక్క తెలియడానికి ఒక కేసు కల్పించుకుందాం. మిర్యాలగూడ మిల్లు ఒకటి సింగపూర్ ట్రేడింగ్ కంపెనీకి 1,000 టన్నుల ఉప్పుడు బియ్యం టన్ను 400 డాలర్లకు ఒప్పుకుంది. అడ్వాన్సు 80,000 డాలర్లు వచ్చింది. మొదటి 600 టన్నులు, అంటే 50 కిలోల సంచులు 12,000, కాకినాడలో ఓడ ఎక్కాయి. డీఏ 60 రోజులు, అంటే బిల్లు ఒప్పుకుంటే కాగితాలు ముందే ఇచ్చి డబ్బు 60 రోజుల తర్వాత తీసుకునే షరతు కాబట్టి కొనుగోలుదారు బ్యాంకులో బిల్లు ఒప్పుకుని కాగితాలు తీసుకున్నాడు, సరుకు విడిపించుకున్నాడు. 60 రోజులయ్యాక డబ్బు రాలేదు. "నూక 5 శాతం దాటింది" అని ఒక మెయిల్ వచ్చింది. అడ్వాన్సు పోను రావలసింది 1,60,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు వేసుకుంటే కోటీ 36 లక్షలు. ఈలోపు ఆ కంపెనీ ఖాతాలు ఖాళీ చేస్తోందని బ్రోకర్ నుంచి కబురు వచ్చింది. మిగిలిన 400 టన్నులు కాకినాడ గోదాములో కొనుగోలుదారు బ్రాండు ముద్రతో 8,000 సంచుల్లో ఉన్నాయి. మిల్లు వాటిని వేరేవాళ్లకు అమ్మేద్దామని చూస్తోంది. కొనుగోలుదారు వద్దంటున్నాడు.

అంటే ఇక్కడ ఆపాల్సినవి రెండు, ఎదురెదురు దిక్కుల్లో. మిల్లుకు సింగపూర్‌లో డబ్బు ఆగాలి. కొనుగోలుదారుకు కాకినాడలో సంచులు ఆగాలి. క్లాజులో సింగపూర్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ సెంటర్, అంటే సియాక్ నియమాలు అని రాసి ఉంది. సీటు, అంటే ఆ ఆర్బిట్రేషన్ ఏ దేశపు చట్టం కింద నడుస్తుందో ఆ చోటు, ఎక్కడో కాసేపు పక్కన పెడదాం.

ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ అంటే ఎవరు

గొడవ తేల్చే అసలు ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఏర్పడటానికి వారాలు, నెలలు పడతాయి. ఆ ఖాళీలో అత్యవసర ఆదేశం ఇవ్వడానికి సంస్థ ఒక మనిషిని పెడుతుంది. సియాక్ దీన్ని 2010లో తెచ్చింది, పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్, అంటే ఐసీసీ 2012లో. సియాక్‌లో దరఖాస్తు అంగీకరించాక ఒక రోజులో నియామకం, నియామకం నుంచి 14 రోజుల్లో ఉత్తర్వు. ఐసీసీలో ఫైలు ఆయన చేతికి వెళ్లినప్పటి నుంచి 15 రోజులు. ఆ వేగం నిజమే, అందులో మోసం లేదు.

కానీ ఆయన అధికారం కాంట్రాక్టులో నుంచి వచ్చింది. కాబట్టి కాంట్రాక్టులో ఉన్న ఇద్దరినే కట్టడి చేయగలడు. సింగపూర్ బ్యాంకుకు "ఆ ఖాతా ఆపు" అని రాయలేడు. కాకినాడ గోదాము యజమానికి, షిప్పింగ్ ఏజెంటుకు, బియ్యం కొన్న మూడో మనిషికి ఏమీ చెప్పలేడు. "నీ ఆస్తిని ఇంతకన్నా తగ్గించకు" అని కొనుగోలుదారుకు మాత్రమే చెప్పగలడు. వినకపోతే పంపడానికి ఆయనకు అమీనా లేడు, పోలీసూ లేడు.

వినకపోతే అసలేమీ కాదని కూడా అనుకోవద్దు. తర్వాత కూర్చునే ట్రిబ్యునల్ ముందే కేసు నడవాలి కాబట్టి, పేరున్న కంపెనీలు సాధారణంగా ఉత్తర్వు పాటిస్తాయి. కాదంటే ఖర్చుల రూపంలో దెబ్బ పడుతుంది. రేపు బోర్డు తిప్పేయడానికి సిద్ధపడినవాడికి ఆ భయం ఉండదు. మన కేసులో అనుమానం సరిగ్గా అలాంటివాడి మీదే.

ఇంకో చిక్కు నోటీసు. మామూలుగా ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ రెండు వైపులా వినాలి. ఐసీసీ 2021 నియమాల్లోనూ అంతే. ఖాతా ఖాళీ చేస్తున్నవాడికి "నీ ఖాతా ఆపమని అడుగుతున్నాం" అని ముందే కాగితం పంపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సియాక్ కొత్త నియమాల్లో, అవతలివాడికి చెప్పకుండానే తాత్కాలిక రక్షణ ఉత్తర్వు అడిగే వీలు పెట్టారు. ఆర్బిట్రేటర్ నియామకమైన 24 గంటల్లో దాని మీద తేలుస్తారు. అది వచ్చాక గంటల్లోనే అవతలివాడికి అందించాలి, దాని ఆయుష్షు 14 రోజులు దాటదు. ఈలోపు రెండు వైపులా విని అసలు ఉత్తర్వు ఇస్తారు.

సింగపూర్‌లో డబ్బు ఆపాలంటే

మిల్లు వైపు నుంచి చూద్దాం. డబ్బు సింగపూర్‌లో ఉంది, అవతలివాడూ అక్కడే. ఇక్కడ ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్‌కు బలం ఉంది. సింగపూర్ తన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ చట్టాన్ని 2012లో సవరించి, ట్రిబ్యునల్ అనే మాటలోకి ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్‌ను స్పష్టంగా చేర్చింది. అక్కడి హైకోర్టు అనుమతి తీసుకుంటే ఆయన ఉత్తర్వు కోర్టు ఉత్తర్వులాగే అమలవుతుంది. సీటు సింగపూర్ కాకపోయినా దారి ఉందని 2022లో అక్కడి హైకోర్టు తేల్చింది. అమెరికాలో సీటు ఉన్న ఒక ఎమర్జెన్సీ అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు విషయంలో, విదేశీ ఎమర్జెన్సీ అవార్డు కూడా ఆ చట్టం కింద అమలుకు అర్హమేనని చెప్పింది. అయితే అదే తీర్పులో అమలు మాత్రం నిరాకరించింది, ఎదుటి పక్షానికి తన వాదన వినిపించే అవకాశం సరిగా దక్కలేదని. తొందరలో విచారణ కుదించేస్తే ఉత్తర్వు వస్తుంది, అమలు దగ్గర పడిపోతుంది. అవతలివాడు రెండు రోజులు గడువు అడిగితే మన వకీలు మొండిగా అడ్డుపడకూడదని నేను చెప్పేది అందుకే.

అయినా సరే, బ్యాంకును కట్టేయాలంటే కోర్టు కావాల్సిందే. సింగపూర్ హైకోర్టును నేరుగా కూడా అడగొచ్చు. సీటు బయట ఉన్నా అక్కడి చట్టం సెక్షన్ 12ఏ కింద ఆ వీలు ఉంది. కానీ రెండు షరతులు: విషయం అత్యవసరమైతే ఆస్తిని లేదా సాక్ష్యాన్ని కాపాడటానికే ఇస్తారు, అదీ ఆర్బిట్రేటర్‌కు అధికారం లేనప్పుడు లేదా ఆయన ఆ సమయానికి ఫలితమిచ్చేలా పనిచేయలేనప్పుడే. "ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ ఉండగా ఇక్కడికెందుకొచ్చావ్" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. "బ్యాంకు మూడో మనిషి, ఆయన మాట దానికి వర్తించదు" అన్నది మన జవాబు. అది గట్టి జవాబే.

మన హైదరాబాద్ హైకోర్టులో వేసి సింగపూర్ ఖాతా ఆపించుకోవచ్చా అని మిల్లర్లు అడుగుతుంటారు. కాగితం మీద రావచ్చేమో గానీ అక్కడి బ్యాంకు దాన్ని పట్టించుకోవాల్సిన పని లేదు. ఇక్కడ ఆస్తి లేని విదేశీ కంపెనీ మీద ఇక్కడి ఉత్తర్వు తెచ్చుకోవడం పక్క ఊరి బావికి మన ఇంట్లో మూత పెట్టడమే.

కాకినాడలో సంచులు ఆపాలంటే

ఇప్పుడు కుర్చీ మారుద్దాం. సింగపూర్ కొనుగోలుదారు కాకినాడ గోదాములోని 8,000 సంచులు ఆపాలి. ఇక్కడే సీటు ప్రశ్న ప్రాణం. సీటు అంటే విచారణ జరిగే హోటల్ గది కాదు, ఆ ఆర్బిట్రేషన్ ఏ దేశపు చట్టం కింద బతుకుతుందో ఆ చోటు.

సీటు హైదరాబాద్ అనుకుందాం. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ అన్న మాటే లేదు. చేర్చమని లా కమిషన్ 2014లో తన 246వ నివేదికలో చెప్పింది, పార్లమెంటు 2015 సవరణలో చేర్చలేదు. ఆ ఖాళీని 2021 ఆగస్టు 6న అమెజాన్, ఫ్యూచర్ రిటైల్ కేసులో సుప్రీంకోర్టు పూరించింది. సీటు ఇండియాలో ఉన్నప్పుడు సియాక్ ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ ఇచ్చింది కూడా, ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వుల గురించి చెప్పే సెక్షన్ 17(1) కింది ఉత్తర్వేనని, సెక్షన్ 17(2) కింద కోర్టు ఉత్తర్వులాగే అమలు చేయొచ్చని చెప్పింది. అంతర్జాతీయ కేసు కాబట్టి ఆ అమలుకు నల్లగొండ జిల్లా కోర్టు పనికిరాదు, నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. ఉత్తర్వు ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు కూడా ఉన్నాయి. ఇక్కడ ఉండి సంచులు అమ్ముకుందామనుకునే మిల్లుకు ఇది నిజమైన టెన్షన్.

సీటు సింగపూర్ అయితే కథ తిరగబడుతుంది. మన చట్టంలో సెక్షన్ 17 ఉన్న భాగం ఇండియాలో సీటు ఉన్న కేసులకే వర్తిస్తుంది. విదేశీ సీటు కేసులకు దానిలోంచి, కోర్టే మధ్యంతర రక్షణ ఇచ్చే సెక్షన్ 9 లాంటి కొన్ని మాత్రమే వర్తింపజేశారు, 17ను కాదు. ఇక విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలుకు దేశాలు చేసుకున్న న్యూయార్క్ ఒప్పందం దారి చూస్తే అది ఉభయులనూ కట్టేసే అవార్డుల కోసం. నాలుగు వారాల్లో మారిపోగల మధ్యంతర ఉత్తర్వు అందులో ఇమడటం కష్టం. పైగా ఐసీసీ నియమాల్లో ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ ఇచ్చేదాని పేరే ఉత్తర్వు, అవార్డు కాదు. మధ్యంతర ఉత్తర్వులు ఏ దేశంలో పుట్టినా అమలు చేయాలనే ఏర్పాటు 2006లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల కమిషన్ అన్‌సిట్రల్ తయారుచేసిన నమూనా చట్టంలోకి వచ్చింది. మన చట్టం 1985 నాటి నమూనా మీద కట్టింది కాబట్టి ఆ గది మన ఇంట్లో లేదు.

అలాంటప్పుడు ఏం చేస్తారు? 2016లో ఢిల్లీ హైకోర్టు రాఫెల్స్ డిజైన్, ఎడ్యుకాంప్ కేసులో దారి చూపింది. సింగపూర్ సీటు ఎమర్జెన్సీ ఉత్తర్వును ఇక్కడ అమలు చేయలేం, కానీ సెక్షన్ 9 కింద కొత్తగా అడిగితే కోర్టు తనంతట తాను పరిశీలించి అలాంటి రక్షణే ఇవ్వొచ్చు అంది. అంటే సింగపూర్‌లో 14 రోజులు, లక్షలు పోశాక, ఇక్కడ మళ్లీ మొదటి నుంచి అదే వాదన. అక్కడి ఉత్తర్వు ఇక్కడ ఒక మంచి కాగితం మాత్రమే.

అక్కడ ఓడిపోయి ఇక్కడికి వస్తే ఇంకా ఇబ్బంది. 2020లో అశ్వనీ మిండా, యు-షిన్ కేసులో జపాన్ ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ కాదన్న ఉపశమనాన్నే సెక్షన్ 9లో అడిగితే, ఇది అప్పీలు కోర్టు కాదు, రెండో ప్రయత్నానికి చోటు లేదని ఢిల్లీ హైకోర్టు తిప్పి పంపింది. కాబట్టి ఆస్తి ఇండియాలో ఉండి సీటు బయట ఉంటే నేను ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ జోలికే వెళ్లను. నేరుగా సెక్షన్ 9. మొదటి బాణం తగిలే చోటికే వేయాలి.

సెక్షన్ 9లో నోటీసు లేకుండానే తాత్కాలిక ఉత్తర్వు అడగొచ్చు, గోదాము యజమానిని కూడా పార్టీగా చేర్చొచ్చు, కోర్టు కమిషనర్‌ను పెట్టి సంచులు లెక్క తీయించొచ్చు. ఆ కమిషనర్ గోదాములోకి వెళ్లి ముద్ర చూసి, లాటు నంబర్లు రాసుకుని, నమూనా సీలు చేసి తెస్తే నూక గొడవలో అదే పెద్ద సాక్ష్యం. గోదాము యజమానిని చేర్చడం, కోర్టు కమిషనర్‌ను పంపడం ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ చేతిలో లేవు.

కానీ సెక్షన్ 9లో కూడా మెలికలున్నాయి. ఉత్తర్వు వచ్చిన 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ట్రిబ్యునల్ ఏర్పడిన తర్వాత వెళ్తే, అక్కడి ఉపశమనం ఎందుకు సరిపోదో చెప్పనిదే కోర్టు తీసుకోదు. ఏ హైకోర్టు అన్నది ఇంకో తలనొప్పి. సీటు హైదరాబాద్ అయితే తెలంగాణ హైకోర్టు. సీటు సింగపూర్ అయితే మిల్లు మిర్యాలగూడలో, సంచులు కాకినాడలో, అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధి. అవతలి వకీలు మొదటి రోజు వాదించేది అసలు విషయం కాదు, ఈ పరిధి గురించే. అర్జెంటు కేసులో ఒక వాయిదా అలా పోయిందంటే సంచులూ పోయినట్టే.

ఇంకొకటి. సంచుల్లాంటి వస్తువును ఆపమనడం తేలిక, ఉట్టి డబ్బుకు భద్రత అడగడం కష్టం. అవతలివాడు బాకీ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే ఆస్తి మళ్లిస్తున్నాడని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 ప్రకారం చూపాలా వద్దా అన్న దాని మీద సుప్రీంకోర్టు నుంచే 2022లో రెండు మాటలు వచ్చాయి. ఎస్సార్ హౌస్ కేసులో అంత కచ్చితంగా అక్కర్లేదంది, సంఘీ ఇండస్ట్రీస్ కేసులో కావాల్సిందే అంది. నేను రెండోదానికి సిద్ధమై వెళ్లమంటాను. బ్రోకర్ ఫోన్‌లో చెప్పిన మాట దానికి చాలదు. ఏ తేదీన ఏ ఆస్తి ఎవరి పేరుకు మారిందో చూపే కాగితం కావాలి.

అమలయ్యేసరికి ఏం మిగిలింది

అమెజాన్ కేసును చాలామంది ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ విజయంగా చెబుతారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యూచర్ తన దుకాణాల వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మకుండా ఆపిన ఎమర్జెన్సీ ఉత్తర్వు 2020 అక్టోబరు 25న వచ్చింది. ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి అమలుకు గట్టి ఉత్తర్వు ఇచ్చింది 2021 మార్చిలో. సుప్రీంకోర్టు తీర్పు ఆగస్టులో. తొమ్మిది నెలలు పైనే. 2022 మార్చికల్లా ఫ్యూచర్ దుకాణాలు చాలా వరకు, అద్దె ఒప్పందాల దారిలో, రిలయన్స్ చేతికి వెళ్లిపోయాయి. జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తీర్పు చట్టంలో నిలిచింది, ఆపాలనుకున్నది మాత్రం చేజారింది. అద్దె భవనాల యజమానులు ఆర్బిట్రేషన్‌లో పార్టీలు కారు. మళ్లీ అదే మూడో మనిషి చిక్కు.

ఆ తీర్పు వల్ల ఇప్పుడు ఇండియా సీటు కేసుల్లో ఆ తొమ్మిది నెలల వాదన మళ్లీ చేయనక్కర్లేదు. అది లాభమే. 2024 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన సవరణ ముసాయిదాలో ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్‌కు చట్టంలోనే చోటు ఇవ్వాలని ఉంది. ముసాయిదాను నమ్ముకుని నేడు కాంట్రాక్టు రాయకూడదు.

ఖర్చు లెక్క

ఐసీసీలో ఎమర్జెన్సీ దరఖాస్తుకే 40,000 డాలర్లు కట్టాలి. మన మిల్లుకు రావలసింది 1,60,000. నాలుగో వంతు గుమ్మం దగ్గరే పోయింది, వకీళ్ల ఫీజు ఇంకా మొదలు కాలేదు. సియాక్‌లో 2016 నియమాల పట్టిక ప్రకారం ఆర్బిట్రేటర్ ఫీజు, సంస్థ ఫీజు కలిపి సుమారు 30,000 సింగపూర్ డాలర్లు, డాలరు 64 రూపాయలైతే 19 లక్షల పైమాట. దాఖలు చేసే రోజు కొత్త పట్టిక చూసుకోవాలి. దీని మీద సింగపూర్ వకీలు, తర్వాత అమలు కోసం అక్కడి హైకోర్టు. గెలిస్తే కొంత రావచ్చు, కానీ ముందు చేతి నుంచి పెట్టాలి.

కోటీ 36 లక్షల బాకీకి నేనైతే ఈ దారి వద్దంటాను, అవతలి ఖాతాలో డబ్బు ఉందని గట్టి ఆధారం ఉంటే తప్ప. ఐదారు కోట్లు దాటితే మాట వేరు. చిన్న లాట్లకు డీఏ మానేసి, కొనుగోలుదారు బ్యాంకే చెల్లింపుకు హామీ ఇచ్చే ఎల్‌సీ అడగడం, ఎగుమతి బాకీలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఇచ్చే బీమా తీసుకుని బాకీ గడువు దాటగానే వాళ్లకు తెలియజేయడం ఏ ఆర్బిట్రేటర్ కన్నా చవక. ఈ మాట చెబితే నా ఫీజు తగ్గుతుంది, అయినా చెప్పాలి.

సంతకానికి ముందు

ఎంపిక నిజంగా జరిగేది కాంట్రాక్టు రోజున. మీరు అమ్మేవాళ్లయితే భయం డబ్బు గురించి, ఆ డబ్బు ఉండేది అవతలి దేశంలో. అవతలివాడు సింగపూర్ లేదా హాంకాంగ్ అయితే అక్కడి సీటుకు ఒప్పుకోవడంలో నష్టం లేదు. హాంకాంగ్ కూడా 2013 నుంచి, ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ ఎక్కడివాడైనా, కోర్టు అనుమతితో అమలు చేస్తోంది. మీరు విదేశం నుంచి మెషినరీ కొని, ఆ అమ్మకందారు ఆస్తి ఏదైనా ఇక్కడ ఉంటే హైదరాబాద్ సీటు మీద పట్టుబట్టండి, సియాక్ నియమాలే ఉన్నా సరే. సంస్థ వేరు, సీటు వేరు. సంస్థ పేరు రాసి సీటు రాయని క్లాజులు నా టేబుల్ మీదకు ఇప్పటికీ వస్తున్నాయి.

ఇంకో రెండు వాక్యాల కోసం వెతకండి. "మధ్యంతర ఉపశమనానికి ఫలానా దేశపు కోర్టులే" అని ఉంటే కొట్టేయించండి. విదేశీ సీటు కేసులో సెక్షన్ 9ని ఒప్పందంతో వదులుకోవచ్చు, ఆ ఒక్క వాక్యంతో కాకినాడ సంచుల మీద ఇక్కడి కోర్టు దారి మూసుకుపోవచ్చు. రెండోది, ఐసీసీ క్లాజులో ఎమర్జెన్సీ నిబంధనలు వర్తించవని ఉందేమో చూడండి. ఉంటే ఆ తలుపు మొదటి నుంచే లేనట్టు.

గొడవ మొదలైతే గడువులు క్యాలెండర్ మీద ఎర్రగా రాసుకోండి. సియాక్ కొత్త నియమాల్లో ముందు ఎమర్జెన్సీ దరఖాస్తు వేస్తే 7 రోజుల్లో అసలు ఆర్బిట్రేషన్ నోటీసు వేయాలి, ఐసీసీలో 10 రోజులు. ఆ కాగితం వెళ్లకపోతే చేతిలోని ఉత్తర్వును నిలబెట్టే ఆధారం ఉండదు. దరఖాస్తుతో పాటు కావాల్సింది పెద్ద వాదన కాదు. బ్యాంకు ఇచ్చిన బిల్లు అంగీకార పత్రం, ఓడ ఎక్కే ముందు తీసిన ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ మీద నూక శాతం అంకె, అవతలివాడి మెయిల్ వచ్చిన తేదీ. మన కేసులో ఆ మెయిల్ సరుకు విడిపించుకున్నప్పుడు రాలేదు, డబ్బు కట్టాల్సిన గడువు దాటాక వచ్చింది. దరఖాస్తు మొదటి పేరాలో పెట్టాల్సింది ఆ తేదీనే.